మీ కథల సంపుటి పేజీ మేకప్: పని, ధర, చెల్లింపు వివరాలు

మాస్టారూ, నమస్కారం.

శనివారం ఫోన్‌లో అనుకున్నవన్నీ ఇందులో రాస్తున్నాను. పొడుగైందని విసుక్కోకుండా చదవండి. డబ్బు సంగతి నోటిమాటగా వదిలేస్తే తర్వాత మీకూ నాకూ మొహమాటమే.

మీరు పంపినవి మొత్తం 18 కథలు. పదకొండు అను ఫాంట్‌లో టైపు చేసినవి, ఏడు చేతిరాతలో ఉన్న 64 అరఠావులు. చేతిరాత కథలు నేను టైపు చేస్తాను. అను ఫైళ్లను యూనికోడ్‌లోకి మారుస్తాను. మార్చినప్పుడు అక్కడక్కడ ఒత్తులు ఊడిపోతాయి, వాటిని సరిచేసే బాధ్యత నాదే. తర్వాత 1/8 డెమీలో పేజీ మేకప్, కవర్ డిజైన్. నా లెక్కకి పుస్తకం 208 పేజీలు, అంటే 13 ఫారాలు వస్తుంది.

టైపింగ్, 64 పేజీలు, పేజీకి రూ. 40: రూ. 2,560
యూనికోడ్ మార్పిడి, 11 కథలకు కలిపి: రూ. 3,000
పేజీ మేకప్, 208 పేజీలు, పేజీకి రూ. 35: రూ. 7,280
కవర్ (రెండు నమూనాలు, అందులో ఒకటి ఖాయం): రూ. 4,000
మొత్తం: రూ. 16,840

నాకు జి.ఎస్.టి. రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి దీని మీద పన్నేమీ పడదు. పుస్తకం 224 పేజీల దాకా పెరిగినా ఇదే ధర. అది దాటితే పేజీకి రూ. 35 చొప్పున కలుస్తుంది.

ఇక ప్రూఫుల సంగతి. గొడవలన్నీ మొదలయ్యేది ఇక్కడే. ఈ ధరలో రెండు ప్రూఫులు ఉన్నాయి. దిద్దుబాటు అంటే అచ్చుతప్పులు, విరామచిహ్నాలు, ఒకటీ అరా మాటల మార్పు. పేరాలు కొత్తగా రాయడం, పాత్ర పేరు మార్చడం తిరగరాత కిందికి వస్తాయి. వాటికి, మూడో ప్రూఫుకి మార్పు పడిన పేజీకి రూ. 15. నిరుడు ఒక రచయిత రెండో ప్రూఫు అయ్యాక రాజు అనే పాత్రను శ్రీనివాస్ చేయమన్నారు. ఒక్క మీట నొక్కితే అయిపోయే పనే కదా అన్నారు. నొక్కి చూస్తే ‘నిప్పు రాజుకుంది’ కాస్తా ‘నిప్పు శ్రీనివాస్‌కుంది’ అయి కూర్చుంది. ఒక్కో వాక్యం చూసి మార్చేసరికి నాలుగు రోజులు పట్టింది. దానికి డబ్బు అడిగితే ఆయన నొచ్చుకున్నారు. ముందే రాసుకోకపోవడం నా తప్పే.

ముందుమాటలు ఎప్పుడూ ఆఖర్నే వస్తాయని నాకు తెలుసు. అందుకే ముందు పేజీలకు విడిగా రోమన్ అంకెలు వేస్తాను, ఆలస్యంగా వచ్చినా కథల పేజీ నంబర్లు కదలవు. 8 పేజీల దాకా ముందుమాటలు పై 208లోనే ఉన్నాయి.

ఈ ధరలో లేనివి: భాషాదోషాలు చూసే ప్రూఫ్ రీడింగ్, చిత్రకారుడితో బొమ్మ వేయిస్తే ఆయన పారితోషికం, ప్రెస్ ఖర్చు. ఐ.ఎస్.బి.ఎన్.కు ప్రచురణకర్తగా మీరే దరఖాస్తు పెట్టాలి, దానికి రుసుము లేదు. నంబరు ఇస్తే బార్‌కోడ్ కవర్ మీద నేను పెడతాను. వెన్ను మందం మాత్రం మీ ప్రెస్ వాళ్లు ఏ కాగితమో చెప్పాకే ఖాయం చేస్తాను.

డబ్బు మూడు విడతలుగా: మొదలుపెట్టే ముందు రూ. 6,000, మొదటి ప్రూఫు మీ చేతికి వచ్చాక వారంలోపు రూ. 6,000, ప్రెస్ పి.డి.ఎఫ్. పంపే ముందు మిగిలిన రూ. 4,840. యూ.పి.ఐ. అయినా బ్యాంకు ద్వారా అయినా సరే. మొత్తం ముట్టాక, రెండో ముద్రణకు పనికొచ్చేలా ఓపెన్ ఫైల్ కూడా ఇస్తాను. మధ్యలో ఆపేస్తే అడ్వాన్స్ తిరిగి ఇవ్వలేను. అంతకు మించి పని జరిగి ఉంటే ఆ మేరకు పై ధరల ప్రకారం లెక్క కడతాను. నా వల్ల ఆగితే మాత్రం, చేసిన పని ఫైళ్లు మీకిచ్చి, చేయని పనికి తీసుకున్న డబ్బు వెనక్కి పంపుతాను.

అడ్వాన్సూ కథలూ మొత్తం అందిన 21 రోజులకు మొదటి ప్రూఫు వస్తుంది. ఒక్కో ప్రూఫును మీరు పది రోజుల్లో తిరిగి పంపితే జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శనకు అందుకోవచ్చు. మీ దగ్గర ఎన్ని రోజులు ఎక్కువ ఆగితే నా గడువూ అన్ని రోజులు జరుగుతుంది.

ఇవన్నీ సమ్మతమైతే ఈ మెయిల్‌కే ‘సమ్మతమే’ అని ఒక్క ముక్క రాయండి. ఈ ధరలు సెప్టెంబరు 30 దాకే. తర్వాత ఏదైనా మార్చాలనుకుంటే వాట్సాప్‌లో చెప్పినా సరే, మెయిల్‌లో ఒక లైను పడేదాకా దాన్ని లెక్కలోకి తీసుకోను.

అన్నట్టు, చేతిరాత స్కాన్లలో 23వ పేజీ రెండుసార్లు వచ్చింది, 24 లేదు. చెరువు గట్టు మీద పంచాయితీ సగంలో ఆగిపోయింది. ఆ ఒక్క పేజీ ఫొటో తీసి పంపండి.

ఇట్లు,
మీరు ఫోన్‌లో పిలిచే ‘డి.టి.పి. అమ్మాయి’
విజయవాడ