పంచె ఒకటి, అమ్మరాదు

శ్లాబు వేయడానికి పాత ఇంటి పెంకులు దించాలి, ఈలోగా అటక ఖాళీ చెయ్యమన్నాడు నాన్న. తాత రేకుపెట్టె కిందికి దిగేసరికి గౌరి మిగిలిన పనంతా వదిలేసింది. పొందూరులో వాళ్ల వీధిలో ఇంకా రాట్నాలు తిరుగుతూనే ఉన్నాయి గానీ, తాత పోయాక వాళ్లింట్లో మగ్గం గుంత పూడ్చేశారు. ఆయన చేతివి అంటూ మిగిలింది ఆ పెట్టె ఒక్కటే.

మూత లోపలివైపు ఒక కాగితం గంజితో అంటించి ఉంది. సిరా వెలిసిపోయి ఏమీ కనబడలేదు. గౌరి ఫోన్ టార్చి పక్కనుంచి ఏటవాలుగా పట్టింది. కాగితం మీద పాళీ నొక్కిన గాళ్లు ఒక్కొక్కటే పైకి తేలాయి.

‘ఇత్తడి చెంబులు 2. కంచు పళ్లెం 1. వెండి కడియాలు జత 1. వాలుగ దవడలు 4. పంచె 1, నారాయణమ్మ నూలు, అమ్మరాదు.’

చాలా వాటి మీద గీత ఉంది. గీత పక్కన కారణం కూడా రాసుకున్నాడు. ‘కడియాలు: వానకి కూలిన గోడ, నవంబరు 1984.’ ‘పళ్లెం: పెద్దోడి కాలేజీ ఫీజు, జూన్ 1991.’ పెద్దోడంటే నాన్నే. ఆ ఫీజు ఎక్కడి నుంచి వచ్చిందో నాన్నకి తెలుసో లేదో!

గీత పడనివి పెట్టెలో ఉండాలి కదా అని గౌరి ఒక్కొక్కటే బయటికి తీసింది. పాత గుడ్డలో చుట్టి చేప దవడలు నాలుగూ ఉన్నాయి. ఎండి పసుపుపచ్చగా మారిన ఎముక, దాని నిండా ఇసుక రేణువుల్లాంటి పళ్లు. వేలు ఆనిస్తే చురుక్కుమంది.

“మామ్మా, వీటితోనేనా పత్తి దువ్వీవోళ్లు?”

“ఆఁ. గింజ తియ్యకముందు దాంతోనే దువ్వాల. అంత సన్న పళ్లు ఏ దువ్వెనకుంటాయి? ఏకులు సేసి ఎండిన అరిటి దొప్పలో పెట్టుకుని వడికీవోళ్లం. మనది నూరో నెంబరు నూలు. రాత్రి దీపం ఎలుగులో పోగు కనబడదు, ఏళ్లకి తెలియాల్సిందే.” మామ్మ దవడని అరచేతిలో తిప్పి చూసుకుంటూ మాట్లాడుతోంది. మోకాళ్ల నొప్పి ఊసే లేదు.

“మరి నువ్వు వడికిన పంచె ఏది? గీత లేదు, పంచే లేదు.”

మామ్మ చెయ్యి ఆగిపోయింది.

“అది నానే తీసీసినాను,” అంది కాసేపటికి. “మీ అత్త తొలికాన్పు. బిడ్డ అడ్డం తిరిగింది, సికాకోళం తీసుకుపొమ్మన్నారు. మీ తాత పాలకొండెల్లాడు. సేతిలో పైసా లేదు. పంచె షావుకారికి అమ్మీసినాను. మీ తాతకి మా అన్న డబ్బులు పంపినాడని సెప్పినాను. అది నా నూలుతో తనే నేసినాడు, నీ నాన్న పెళ్లికి కట్టుకుంటానని దాసుకున్నాడు. ఎలా సెప్పమంటావే? పెట్టె తియ్యడులే అనుకున్నాను. పెళ్లినాడు మిల్లు పంచె కట్టుకుంటే, ఇదేటని నాను అడగలేదు, అదేదని ఆయన అడగలేదు.”

“అత్తకి కాన్పు ఎప్పుడైంది?”

“96లో. వానలప్పుడు.”

గౌరి మళ్లీ టార్చి పట్టింది. జాబితా అడుగున వేరే సిరాతో, వణికిన చేత్తో రాసిన వరస ఒకటుంది. ‘పోస్టాఫీసు పుస్తకం 1, పెట్టినది, మార్చి 1998.’

“మామ్మా, తాత 98లో పెట్టె తీశాడు. పుస్తకం పెట్టి ఇక్కడ రాశాడు కూడా.”

“పంచె లేదని సూసుంటాడా?”

“ఉన్నవే నాలుగు. చూడకుండా ఎలా ఉంటాడు?”

“గీత కొట్టనేదా?”

“లేదు.”

గోడ కూలినదానికీ ఫీజుకీ తారీఖుతో సహా లెక్క రాసుకున్న మనిషి ఈ ఒక్కదాన్నీ వదిలేశాడు. మామ్మ పైట చెంగుతో ముఖం తుడుచుకుని, కాగితం మీద ఆ వరస ఎక్కడుందో చూపించమంది. ఆమెకి చదువు రాదు. గౌరి ఆమె వేలు పట్టుకుని ‘నారాయణమ్మ’ అన్న అక్షరాల మీద ఆనించింది.

“నా పేరు రాసినాడా!”

“నీ పేరే. కొట్టెయ్యమంటావా మామ్మా?”

“కొట్టకు. ఆయన కొట్టనిది మనకెందుకు? పక్కన జాగా ఉందా?”

“కొంచెం ఉంది.”

“అయితే పెన్ను తే. సిన్నమ్మి పురుడికి అని రాయి. తీసింది నారాయణమ్మ అని రాయి. పేరు తప్పు పోకుండా రాయి.”