0 = 27 ఎందుకొచ్చిందంటే

అమ్ములూ,

నీ ఫోటో చూశాను. పేజీ పక్కకు వాలింది, ఎడమవైపు నీ ఫోన్ నీడ పడింది. అయినా చదవగలిగాను. జవాబు ఒక్కటే పంపితే రేపు క్లాసులో బోర్డు దగ్గరికి పిలిచినప్పుడు అది నీకు పనికిరాదు, అందుకే మొత్తం రాస్తున్నాను. నోట్‌బుక్ ముందు పెట్టుకుని చదువు. ఎక్కడైనా తర్వాతి లైను నువ్వే రాయగలనని అనిపిస్తే ఆగి రాసెయ్, ఆ తర్వాతే నాది చూడు.

ఫోటోలో నాకు కనబడిన లెక్క ఇది:

"ఒక రెండంకెల సంఖ్యలోని అంకెల మొత్తం 11. ఆ అంకెలను తారుమారు చేస్తే వచ్చే సంఖ్య అసలు సంఖ్య కన్నా 27 ఎక్కువ. అయితే అసలు సంఖ్య ఎంత?"

రెండు చోట్ల నాకు అనుమానం ఉంది. నీ 1, నీ 7 కవల పిల్లల్లా ఉంటాయి. మొదటిది 11 కావచ్చు, 17 కావచ్చు. రెండోది 27 కావచ్చు, 21 కావచ్చు. ఇప్పటికి 11, 27 అనే అనుకుని మొదలుపెడదాం. తప్పు చదివి ఉంటే లెక్కే మనకు చెబుతుంది, ఎలాగో చివర్లో చూద్దువుగాని.

దాని కింద నువ్వు చేసింది కూడా పడింది:

x + y = 11
yx − xy = 27
0 = 27

ఆ తర్వాత పెద్ద కొట్టివేత, పక్కన ఏడుపు మొహం బొమ్మ. ఏడవాల్సిన పని లేదు. మొదటి లైను పూర్తిగా కరెక్ట్. మూడో లైను కూడా రెండో లైను నుంచి సరిగ్గానే వచ్చింది. yx అన్నా xy అన్నా ఒకటే కాబట్టి తీసేస్తే సున్నానే మిగులుతుంది. సమానం గుర్తును 1557లో ఒక పుస్తకంలో మొదటిసారి అచ్చువేసిన రాబర్ట్ రికార్డ్, ఒకే పొడవున్న రెండు సమాంతర గీతల కన్నా సమానమైనవి వేరే ఉండవని ఆ గుర్తును ఎంచుకున్నానని రాశాడు. నువ్వు దానికి అటు సున్నాను, ఇటు 27ను కూర్చోబెట్టావు! అది అసాధ్యమని గుర్తుపట్టి కొట్టేశావు చూడు, అది మంచి పని. కానీ కొట్టేయాల్సింది మూడో లైను కాదు, రెండోది.

తప్పంతా అక్కడే ఉంది కాబట్టి కాసేపు అక్కడే ఆగుదాం.

58 అని రాస్తే 5, 8 పక్కపక్కన ఉన్నాయి. దాన్ని మనం ఐదు ఎనిమిదులు నలభై అని చదవం కదా, యాభై ఎనిమిది అంటాం. 5 పదుల స్థానంలో ఉంది కాబట్టి దాని విలువ 50. 8 ఒకట్ల స్థానంలో ఉంది కాబట్టి దాని విలువ 8. రెండూ కలిపితే:

58 = 10 × 5 + 8

బీజగణితంలో అక్షరాలకు ఈ రూలు లేదు. x, y పక్కపక్కన పెడితే అది x × y, అంటే గుణకారం. అంకెలు పక్కపక్కన ఉంటే ఒక అర్థం, అక్షరాలు పక్కపక్కన ఉంటే ఇంకో అర్థం. ఇది నీ తెలివితక్కువతనం కాదు, రాసే పద్ధతిలోనే ఉన్న చిక్కు. కాబట్టి అంకెల బదులు అక్షరాలు వాడగానే, సంఖ్యను విప్పి రాయాలి.

పదుల స్థానంలోని అంకె x, ఒకట్ల స్థానంలోని అంకె y అనుకుందాం. ఈ వాక్యాన్ని నోట్‌బుక్‌లో తప్పకుండా రాయి. నువ్వు రాయలేదు, అందుకే x ఎవరో y ఎవరో నీకే మధ్యలో మర్చిపోయింది. ఇప్పుడు:

అసలు సంఖ్య = 10x + y

తారుమారు చేస్తే y పదుల స్థానంలోకి, x ఒకట్ల స్థానంలోకి వెళ్తాయి:

తారుమారు చేసిన సంఖ్య = 10y + x

నమ్మకం కుదరకపోతే x = 5, y = 8 వేసి చూడు. మొదటిది 58, రెండోది 85 వస్తాయి.

ఇక లెక్కలోని వాక్యాలను సమీకరణాలుగా మారుద్దాం. మొదటి వాక్యం నువ్వు రాసిందే:

x + y = 11 ... (1)

రెండో వాక్యాన్ని తొందరపడకుండా చదువు. "తారుమారు చేస్తే వచ్చే సంఖ్య అసలు సంఖ్య కన్నా 27 ఎక్కువ." ఇందులో పెద్దది ఏది? తారుమారు చేసినది. పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తే 27 రావాలి. ఎప్పుడూ "కన్నా" అనే మాట దగ్గర ఒక్క క్షణం ఆగి, ఎవరు పెద్ద, ఎవరు చిన్న అని అడుగు. ఇక్కడ తిరగేసి రాస్తే అంకెలు స్థానాలు మారిపోయి 74 వస్తుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది, మొత్తం 11 కూడా సరిపోతుంది, కానీ తప్పు.

(10y + x) − (10x + y) = 27

రెండో బ్రాకెట్ ముందు మైనస్ ఉంది. అది బ్రాకెట్ లోపలున్న రెండింటికీ వర్తిస్తుంది. 10xకి మైనస్ పెట్టి y దగ్గర మర్చిపోవడం నేను చదువుకునే రోజుల్లో చాలాసార్లు చేసిన పని, మార్కులు కూడా పోగొట్టుకున్నాను. బ్రాకెట్లు విప్పితే:

10y + x − 10x − y = 27

ఒకే రకం పదాలను దగ్గరికి చేరుద్దాం. 10yలోంచి y తీస్తే 9y. x లోంచి 10x తీస్తే −9x.

9y − 9x = 27

మూడు పదాలనూ 9 భాగిస్తుంది, కాబట్టి రెండు వైపులా 9తో భాగిద్దాం:

y − x = 3 ... (2)

అంటే ఒకట్ల అంకె పదుల అంకె కన్నా 3 ఎక్కువ. భయపెట్టిన వాక్యంలో ఉన్నది ఇంతే.

ఇక్కడి నుంచి అంతా సులువే. (1), (2) సమీకరణాలను కూడదాం. x, −x కొట్టుకుపోతాయి:

x + y = 11
−x + y = 3
2y = 14
y = 7

దీన్ని (1)లో వేస్తే x + 7 = 11, కాబట్టి x = 4.

ఆగు, ఇంకా అయిపోలేదు. లెక్క అడిగింది x, y కాదు, సంఖ్యను. 10x + y = 10 × 4 + 7 = 47. నోట్‌బుక్‌లో చివరి లైను ఇలా రాయి: "కావలసిన సంఖ్య 47."

సరిచూసుకుందాం. సమీకరణంలో కాకుండా లెక్కలోని మాటల్లోనే సరిచూడాలి, ఎందుకంటే సమీకరణమే తప్పు రాసి ఉంటే అందులో వేసి చూసినా ఆ తప్పు బయటపడదు. 4 + 7 = 11, సరే. తారుమారు చేస్తే 74. 74 − 47 = 27, అదీ సరే.

ఇప్పుడు నీ 1, 7 గొడవ తేలుద్దాం. నాకు ఈ లెక్కలో అన్నిటికన్నా నచ్చిన భాగం ఇదే.

తేడా 21 అని అనుకో. అప్పుడు 9y − 9x = 21 అవుతుంది. 21ని 9 నిశ్శేషంగా భాగించదు, y − x భిన్నం అయిపోతుంది. రెండు అంకెల మధ్య తేడా భిన్నం ఎలా అవుతుంది? కాదు. అసలు ఏ రెండంకెల సంఖ్యను తిరగేసి తీసివేసినా వచ్చేది 9 గుణిజమే, పైన 9y − 9x చూశావుగా. కాబట్టి అది 27 అయి తీరాలి.

మొత్తం 17 అనుకుంటే? x + y = 17, y − x = 3. కూడితే 2y = 20, y = 10. పది అంకె కాదు, అంకెలు 9తో ఆగిపోతాయి. కాబట్టి అది 11. నీ చేతిరాత దాచిపెట్టినా లెక్క బయటపెట్టేసింది చూశావా!

ఇంకో మాట. నువ్వు మెసేజ్‌లో "మొత్తం 11 అని ఎందుకిచ్చారు, రెండో వాక్యం చాలదా?" అని అడిగావు. చాలదు. తేడా 3 ఉండే సంఖ్యలు 14, 25, 36, 47, 58, 69 ఆరున్నాయి. ఆరింటిలో దేన్ని తిరగేసినా 27 పెరుగుతుంది. వీటి అంకెల మొత్తాలు వరసగా 5, 7, 9, 11, 13, 15. మొత్తం 11 అనగానే 47 ఒక్కటే మిగులుతుంది. తెలియనివి రెండున్నప్పుడు రెండు వాక్యాలు ఇచ్చేది ఇందుకే.

రెండు అక్షరాలు వద్దనుకుంటే ఒక్క xతో కూడా చేయొచ్చు. పదుల అంకె x అయితే ఒకట్ల అంకె 11 − x. అసలు సంఖ్య 10x + 11 − x, అంటే 9x + 11. తారుమారు చేసినది 10(11 − x) + x, అంటే 110 − 9x. రెండోదాంట్లోంచి మొదటిది తీస్తే 99 − 18x = 27, 18x = 72, x = 4. మీ టీచర్ రెండు సమీకరణాలతో చేయమంటే మొదటి పద్ధతే రాయి, ఇది నీకోసం.

ఇప్పుడు నా మెసేజ్ మూసేసి, ఖాళీ పేజీ మీద మొదటి నుంచి ఒక్కసారి చేసి చూడు. ఎక్కడైనా ఆగిపోతే ఆ లైను నెంబరు చెప్పు, రాత్రి తొమ్మిదిన్నర దాకా మెలకువగానే ఉంటాను.

అన్నట్టు, ఫోటోలో కింద 6వ లెక్క సగమే పడింది. "ఒక భిన్నంలో హారం లవం కన్నా" అన్నంతవరకు కనబడుతోంది, మిగతాదంతా నీ బొటనవేలు కింద ఉంది. వేలు తీసి మళ్లీ పంపు.

బాబాయ్