ఆరు ఈఎంఐలు కట్టినా అప్పు 29 వేలే తగ్గిందేమిటి?

బావగారూ, మీరు పంపిన హోమ్ లోన్ షెడ్యూల్ స్క్రీన్‌షాట్ చూశాను. లెక్కలో తప్పేమీ లేదు. అంకెలు మరీ చిన్నగా ఉన్నాయని మళ్లీ రాస్తున్నా.

హోమ్ లోన్ రూ.30,00,000. వడ్డీ ఏడాదికి 8.50%, ఫ్లోటింగ్, అంటే మధ్యలో మారే రేటు. గడువు 240 నెలలు. ఈఎంఐ రూ.26,035.

| నెల | వడ్డీ | అసలు | మిగిలిన బాకీ |
|---|---|---|---|
| ఏప్రిల్ 2025 | 21,250 | 4,785 | 29,95,215 |
| మే | 21,216 | 4,819 | 29,90,396 |
| జూన్ | 21,182 | 4,853 | 29,85,543 |
| జులై | 21,148 | 4,887 | 29,80,656 |
| ఆగస్టు | 21,113 | 4,922 | 29,75,734 |
| సెప్టెంబరు | 21,078 | 4,957 | 29,70,777 |

మొత్తం కట్టింది 1,56,210. అందులో అసలుకు జమైంది 29,223.

బ్యాంకు వడ్డీ ముందే గుంజుకుంటోందని అనుకుంటున్నారు కదా, అది కాదు. ఏ నెలకానెల అప్పటికున్న బాకీ మీదే వడ్డీ వేస్తారు. 8.5% అంటే మన ఊరి లెక్కలో నూటికి నెలకు 71 పైసల లోపే, రూపాయి వడ్డీ కన్నా తక్కువ. కానీ 30 లక్షల్లో ముప్ఫై వేల నూర్లున్నాయి! అందుకే మొదటి నెల వడ్డీ 21,250 అయింది. ఈఎంఐ మారదు కాబట్టి మిగిలిన 4,785 మాత్రమే అసలుకు పోయింది. ఆ మేరకు బాకీ తగ్గి, మే నెలలో వడ్డీ 34 రూపాయలు తగ్గింది. ఆ 34 అసలు గడిలోకి చేరింది. ఇలా నెలనెలా జరుగుతూ 143వ వాయిదాలో గానీ అసలుకు పోయే మొత్తం వడ్డీని దాటదు. సగం గడువు, అంటే 120 వాయిదాలు అయ్యేసరికి కూడా ఇంకా దాదాపు 21 లక్షలు బాకీ ఉంటుంది.

అందుకే చేతిలో డబ్బుంటే మొదట్లోనే కట్టాలి. ఏడాది నిండాక లక్ష కట్టి, ఈఎంఐ అలాగే ఉంచితే దాదాపు 18 వాయిదాలు ఎగిరిపోతాయి, వడ్డీలో సుమారు 3.7 లక్షలు మిగులుతాయి. అదే లక్ష 15 ఏళ్ల తర్వాత కడితే మిగిలేది 50 వేలు. కట్టేటప్పుడు "గడువు తగ్గించండి" అని రాసివ్వండి, లేకపోతే ఈఎంఐ తగ్గించేసి గడువు అలాగే వదిలేయవచ్చు. వ్యక్తుల పేరున ఉన్న ఫ్లోటింగ్ హోమ్ లోన్‌కు ముందస్తు చెల్లింపు చార్జీ ఉండదు. కట్టాక కొత్త షెడ్యూల్ తీసుకుని, బాకీ గడిలో లక్ష తగ్గిందో లేదో చూసుకోండి.

ఇంకొకటి, రేటు పెరిగినప్పుడు ఈఎంఐ కదలకపోతే గడువు సాగిందని అర్థం. ఇదే అప్పు 9% మీద మొదలై ఉంటే, ఇదే ఈఎంఐతో 268 వాయిదాలు పట్టేది. రేటు మారినప్పుడు బ్యాంకు పంపే సమాచారం పూర్తిగా చదవండి.