కొత్తవారి ముందు మీ పాప ఎందుకు దాక్కుంటుంది?

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన శనివారం సమావేశంలో మీరు అడిగిన ప్రశ్నకు ఆ హడావిడిలో రెండు ముక్కల్లో జవాబు చెప్పి పంపడం ఇష్టం లేక ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇంట్లో గలగలా మాట్లాడే పాప, ముక్కూమొహం తెలియనివారు కనిపించగానే మీ వెనక్కి ఎందుకు చేరుతుంది, ఎంత పలకరించినా ఎందుకు పలకదు అని మీరు అడిగారు. మీ పెంపకంలోనే ఏదో లోపం ఉందేమో అని కూడా అన్నారు. నేను తరగతిలో గమనించినంతవరకు అలాంటి లోపమేదీ నాకు కనిపించలేదు.

కొందరు పిల్లలు పుట్టుకతోనే కొత్తదనం పట్ల జాగ్రత్తగా ఉంటారు. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త జెరోమ్ కేగన్ నాలుగు నెలల పసిపిల్లలకు కొత్త బొమ్మలు చూపించి, కొత్త శబ్దాలు వినిపించి, ఆ తర్వాత ఏళ్ల తరబడి వారి ఎదుగుదలను పరిశీలించారు. అప్పట్లో కాళ్లూ చేతులూ బాగా ఆడిస్తూ ఏడ్చిన పిల్లలు, కాస్త పెద్దయ్యాక మిగతా పిల్లలకంటే ఎక్కువగా కొత్తవారి ముందు వెనకాడేవారిగా కనిపించారు. స్వభావంలోని ఈ తేడా పెంపకం వల్ల మెత్తబడవచ్చు, బిగుసుకోవచ్చు. పుట్టించింది మాత్రం పెంపకం కాదు.

మొన్న తరగతికి కొత్త సంగీతం టీచర్ వచ్చినప్పుడు మీ పాప పుస్తకాల అలమర పక్కకు వెళ్లి నిలబడింది. పాటలో కలవలేదు, చప్పట్లు కొట్టలేదు. కానీ కాసేపటికి అలమర కిందుగా ఆమె కుడి పాదం తాళానికి తగ్గట్టు కదలడం నేను చూశాను. మరునాడు మధ్యాహ్నం పక్కనున్న స్నేహితురాలికి ఆ పాట రెండు చరణాలూ తప్పు లేకుండా నేర్పించింది. దాక్కున్నంతసేపూ చూస్తూ, వింటూ, మనిషిని అంచనా వేసుకుంటూ ఉందన్నమాట.

మీ వెనక చేరడం కూడా ఇలాంటిదే. ఈ వయసు పిల్లలకు తల్లిదండ్రులు ఒడ్డు లాంటివారు; అక్కడ కాలు నిలదొక్కుకున్నాకే నీళ్లలోకి దిగుతారు. వెనక నుంచి తొంగిచూసేటప్పుడు పాప ఎదుటి మనిషిని ఎంత చూస్తుందో మీ ముఖాన్నీ అంతే చూస్తుంది. మీరు ఆ మనిషితో నిదానంగా, నవ్వుతూ మాట్లాడుతుంటే భయపడాల్సిన పని లేదని ఆమెకు అర్థమవుతుంది. పాప పలకడం లేదని మీరే ఇబ్బందిపడితే, ఇక్కడ ఏదో సరిగా లేదనే కబురు ఆమెకు అందుతుంది.

అందుకే మంచి ఉద్దేశంతోనే మనం చేసే కొన్ని పనులు బెడిసికొడతాయి. చెయ్యి పట్టుకుని ముందుకు లాగి "నమస్కారం పెట్టు" అని పట్టుబడితే భయం రెట్టింపవుతుంది. అలాగని, అడిగిన ప్రతిదానికీ ఆమె బదులు మనమే జవాబు చెప్పేస్తే, నోరు విప్పకుండా తప్పించుకోవడమే సులువని అలవాటవుతుంది. ప్రశ్న వినగానే తొందరపడకుండా, మనసులో నెమ్మదిగా అయిదు అంకెలు లెక్కపెట్టేంత వ్యవధి ఇవ్వండి. అప్పటికీ మాట రాకపోతే చెయ్యి ఊపినా, తల ఆడించినా చాలు. అన్నిటికంటే ముఖ్యంగా, ఆమె వింటుండగా "మా అమ్మాయికి సిగ్గెక్కువండీ" అనే మాట మానేయండి. అయిదేళ్ల పిల్ల తన గురించి పెద్దలు అనే మాటను వాదించకుండా నమ్మేస్తుంది. ఎవరైనా అడిగితే "కాస్త అలవాటయ్యాక మాట్లాడుతుంది" అనండి. అది నిజం కూడా. వచ్చినవారు ఎత్తుకోబోయినా, ముద్దు పెట్టుకోబోయినా పాపకు ఇష్టం లేకపోతే మీరే మర్యాదగా వద్దని చెప్పండి. పెద్దవాళ్లు కాస్త నొచ్చుకోవచ్చు గానీ, ఇలాంటి చోట నేను పిల్లల పక్షమే.

వైద్యుణ్ని కలవాల్సిన సందర్భాలూ లేకపోలేదు. ఇంట్లో చక్కగా మాట్లాడే పిల్లలు, బడిలో చేరిన తొలి రోజులు గడిచాక కూడా, నెలకు మించి అక్కడ ఎవరితోనూ ఒక్క మాటా మాట్లాడకపోతే దాన్ని సెలెక్టివ్ మ్యూటిజం అంటారు. దానికి నిపుణుల సాయం కావాలి. కొత్తవారి భయంతో నిద్ర, తిండి దెబ్బతిన్నా, బడికి రానని రోజూ ఏడ్చినా ఊరుకోకూడదు. మీ పాప నాతోనూ, తన బల్ల దగ్గరి పిల్లలతోనూ హాయిగా మాట్లాడుతోంది, భోజనం సరిగా చేస్తోంది. కాబట్టి ప్రస్తుతానికి ఆ అవసరం నాకు కనిపించడం లేదు.

వచ్చే సోమవారం నుంచి మా తరగతికి ఒక కొత్త సహాయ ఉపాధ్యాయురాలు వస్తున్నారు. మొదటి వారం పాపను నేరుగా ప్రశ్నలు అడగవద్దని, పక్కన కూర్చుని తన పని తాను చేసుకొమ్మని ఆమెకు చెప్పాను. వీలైతే ఆ రోజు పాపను పది నిమిషాలు ముందుగా తీసుకురండి. గది నిండకముందే ఆమెను చూస్తే పాపకు తేలికగా ఉంటుంది. గుమ్మం దగ్గర మీ వెనక దాక్కుంటే దాక్కోనివ్వండి, నేను అక్కడే ఉంటాను.

ఇట్లు,
మీ పాప తరగతి ఉపాధ్యాయురాలు