మామ్మ ఇచ్చిన పదివేలు

యానిమేషన్ స్క్రిప్టు. నిడివి సుమారు 6 నిమిషాలు. డిగ్రీ విద్యార్థుల కోసం. ఊరు: పర్లాకిమిడి, గజపతి జిల్లా.

దృశ్యం 1. వీధి అరుగు, సాయంత్రం

(మహేంద్రతనయ వైపు నుంచి గాలి. అరుగు మీద మామ్మ. పక్కనే జ్యోతి, 19 ఏళ్ళు, ఒళ్ళో కాలేజీ సంచి. మామ్మ కొంగు ముడి విప్పి నోట్లు తీస్తుంది.)

మామ్మ: జీడిపిక్కలు అమ్మిన డబ్బులే అమ్మీ. పదివేలు. నీ పేరున ఉంచుకో. నేనైతే నూటికి రూపాయి చొప్పున ఎవరికో ఒకరికి తిప్పేదాన్ని.

జ్యోతి: మా క్లాసులో ఒడియా పిల్లలు చక్రవృద్ధి సుధ అంటున్నారు మామ్మా. మన చక్రవడ్డీయే అది. లెక్క వచ్చు గానీ, ఎందుకలా పెరుగుతుందో మాత్రం నాకు అందట్లేదు.

గొంతు: మామ్మ చెప్పిన "నూటికి రూపాయి" అంటే నెలకు వందకు ఒక రూపాయి, ఏడాదికి 12 శాతం. మన ఇళ్ళలో వడ్డీని నెలతో కొలుస్తాం, బ్యాంకులో ఏడాదితో కొలుస్తారు. ఈ మాట గుర్తుంచుకోండి, కాసేపట్లో దీంతో పెద్ద పనుంది. ఇప్పటికి పదివేలకు ఏడాదికి 8 శాతం అనుకుందాం.

దృశ్యం 2. కొబ్బరి చెట్టు

(నోట్లు మట్టిలో దిగి కొబ్బరి చెట్టై లేస్తాయి. మాను మీద "అసలు 10,000". ఏడాదికి ఎనిమిది కాయలు రాలతాయి, కాయ వంద రూపాయలు. జ్యోతి వాటిని బుట్టలో వేస్తుంది.)

గొంతు: ఇది బారువడ్డీ. ఏటా 800. బుట్టలో పడ్డ కాయ బుట్టలోనే ఉంటుంది, అది మళ్ళీ మొలకెత్తదు. పదేళ్ళకు 18,000.

దృశ్యం 3. మర్రి

(బొమ్మలు వేసేవారికి: ఈ దృశ్యానికి తొందర వద్దు. సినిమా అంతా దీని మీదే నిలబడింది. ఊడ నేలను తాకిన క్షణం స్పష్టంగా కనబడాలి, వినబడాలి.)

(అదే పదివేలు. ఈసారి మర్రి మొక్క. ఏడాది తిరిగేసరికి కొమ్మ నుంచి సన్నని ఊడ దిగుతుంది, దాని మీద "800". నేలను తాకుతుంది. తాకగానే రంగు మారి, బెరడు కట్టి, చిన్న మానవుతుంది.)

గొంతు: తొలి ఏడు రెండు చెట్లకూ ఒకటే లెక్క, 10,800. రెండో ఏడు చూడండి. పెద్ద మాను తన 800 ఇచ్చింది. నిరుడు దిగిన ఊడ కూడా ఇప్పుడు మానే కదా, అదీ తన వంతు ఇచ్చింది. 800 మీద 8 శాతం, 64 రూపాయలు.

("64" తెర మధ్యకు వచ్చి ఆగుతుంది. రెండు క్షణాలు నిశ్శబ్దం.)

గొంతు: ఈ 64 మామ్మ ఇచ్చిన డబ్బు మీద వచ్చింది కాదు. ఆ డబ్బు సంపాదించిన డబ్బు మీద వచ్చింది. ఇప్పుడు మొత్తం 11,664. మూడో ఏటికి 12,597. కొబ్బరి చెట్టు కింద 12,400. తేడా 197 రూపాయలు. చాలామంది ఇక్కడే "ఇంతేనా" అని లేచిపోతారు. మీరు కూర్చోండి.

(కెమెరా వెనక్కి జరుగుతుంది. ఊడలు మానులవుతాయి, వాటి కొమ్మల నుంచి మళ్ళీ ఊడలు. మూల మాను ఎక్కడుందో పోల్చుకోలేం. కింద పక్కపక్కనే అంకెలు.)

10 ఏళ్ళు: కొబ్బరి 18,000, మర్రి 21,589
20 ఏళ్ళు: 26,000, 46,610
30 ఏళ్ళు: 34,000, 1,00,627

గొంతు: ముప్ఫయ్యో ఏడు ఒక్కదానిలోనే మర్రి ఇచ్చింది 7,454. కొబ్బరి చెట్టు ఆ ఏడూ అదే 800.

జ్యోతి: ఉద్యోగం వచ్చాక, 29కి మొదలుపెడితే?

గొంతు: నీ 49వ ఏటికి 46,610. లక్ష దాటాల్సింది సగానికన్నా తక్కువ దగ్గర ఆగింది. ఆలస్యం చేస్తే మొదటి పదేళ్ళ చిన్న ఊడలే పోతాయనుకుంటాం. నిజానికి పోయేవి ఆఖరి పదేళ్ళు, అడవి అయిన పదేళ్ళు.

(చెట్టు మీద సూత్రం మెరుస్తుంది.)

A = P(1 + r/n)^(nt)

గొంతు: P అసలు, r ఏడాది వడ్డీ రేటు, t ఏళ్ళు, n అంటే ఏడాదిలో ఎన్నిసార్లు ఊడ నేలను తాకుతుందో ఆ లెక్క. ఏడాదికి నాలుగుసార్లు తాకితే తొలి ఏటికి 10,800 బదులు 10,824. రోజూ తాకితే 10,833 దగ్గర. ఎంత చిన్న ముక్కలు చేసినా ఒక హద్దు దాటదు. 1683లో జేకబ్ బెర్నూలీ ఈ ప్రశ్న వెంటే పోయి, మీ లెక్కల పుస్తకంలోని e గడప దాకా వచ్చాడు.

దృశ్యం 4. చెరువు

(జ్యోతి అన్నయ్య కొత్త ఫోను చూస్తుంటాడు. వెనక చెరువు. నీటి మీద గుర్రపుడెక్క, ఒక మూల.)

గొంతు: అన్నయ్యకూ పదివేలే. కాకపోతే అప్పు, నూటికి మూడు. మూడు చిన్న అంకెలా వినబడుతుంది. అది నెలకు. వడ్డీ కట్టలేక నోటు తిరగరాసిన ప్రతిసారీ ఆ వడ్డీ అసలులో కలుస్తుంది. ఇక్కడ నెలకోసారి తిరగరాశారనుకుందాం. ఏడాదికి 14,258.

(72 అంకె తెర మీదికి వస్తుంది.)

గొంతు: నోటి లెక్క ఒకటి. 72ని వడ్డీ శాతంతో భాగిస్తే డబ్బు రెట్టింపయ్యే కాలం ఉజ్జాయింపుగా తెలుస్తుంది. జ్యోతికి 72ని 8తో భాగిస్తే 9 ఏళ్ళు. అన్నయ్యకు 72ని 3తో భాగిస్తే 24. అవి నెలలు.

(గుర్రపుడెక్క చెరువులో ఎనిమిదో వంతు. రెండేళ్ళకు నాలుగో వంతు. ఇంకో రెండేళ్ళకు సగం. గట్టు మీద అన్నయ్య "ఇంకా సగం నీళ్ళున్నాయి కదా" అంటాడు. ఇంకో రెండేళ్ళు. నీరు కనబడదు.)

గొంతు: జ్యోతి డబ్బు 9 ఏళ్ళలో 20,000కు చేరేసరికి, ఇటు అప్పు 2 లక్షల 43 వేలు దాటుతుంది. తప్పనిసరై అప్పు చేసినా, నెలనెలా ఆ 300 వడ్డీ కట్టేయండి. అప్పు కొబ్బరి చెట్టుగానే ఉండాలి, దాని ఊడ నేలను తాకకూడదు. కాస్త మిగిలిన నెలలో అసలు కొంచెం నరకండి.

దృశ్యం 5. చెద

(మర్రి మొదట్లో చెదపుట్ట.)

గొంతు: దాచకుండా ఇదీ చెప్పాలి. ధరలు కూడా చక్రవడ్డీ లాగే పెరుగుతాయి. మన దేశం ధరల పెరుగుదలకు పెట్టుకున్న లక్ష్యం 4 శాతం, పై హద్దు 6. ముప్ఫయ్యేళ్ళూ 6 శాతమే పెరిగాయనుకుంటే, అప్పటి 1,00,627 ఇవాళ్టి 17,520తో సమానం. చెట్టు పెరిగింది, చెద తిన్నది తిన్నది. పెట్టెలో దాచిన పదివేలనైతే చెద ఒక్కటే తింటుంది. ముప్ఫయ్యేళ్ళకు దాని విలువ ఇవాళ్టి 1,741.

దృశ్యం 6. బ్యాంకు

(బల్ల మీద ఫిక్స్‌డ్ డిపాజిట్ కాగితం. జ్యోతి చేతిలో కలం. పక్కన మామ్మ, కళ్ళజోడు ముక్కు మీదికి.)

మామ్మ: ఏటడుగుతున్నారే అందులో?

జ్యోతి: వడ్డీ మూణ్ణెల్లకోసారి చేతికి తీసుకుంటావా, లోపలే ఉంచుతావా అని.

మామ్మ: తీసుకుంటే?

జ్యోతి: కొబ్బరి చెట్టు.

(మామ్మ నవ్వి కాగితాన్ని జ్యోతి వైపు జరుపుతుంది. కలం రెండో గడి మీద టిక్కు పెడుతుంది. టిక్కు గీత కిందికి సాగి, సన్నని ఊడై, నేలను తాకుతుంది. మనం ముందు విన్న అదే చప్పుడు.)