రాజీనామా లేఖ

హైదరాబాద్,
ఆగస్టు 4, 2025.

ఐటీ అప్లికేషన్స్ మేనేజర్ గారికి,

విషయం: ఈఆర్‌పీ సపోర్ట్ అనలిస్ట్ ఉద్యోగానికి రాజీనామా

సర్,

ఈ లేఖతో నా ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను. 60 రోజుల నోటీసు లెక్కన అక్టోబరు 3, శుక్రవారం నా చివరి పనిదినం. కొత్త కంపెనీ వాళ్లు ఇంకా ముందే రమ్మన్నారు. సెప్టెంబరు 30న హైపర్‌కేర్ ముగిసేదాకా కదలనని చెప్పాను, ఒప్పుకున్నారు.

ఒక ఇంప్లిమెంటేషన్ సంస్థలో మెటీరియల్స్ మేనేజ్‌మెంట్ కన్సల్టెంట్‌గా చేరుతున్నాను. ఇక్కడ నాకు ఎవరితోనూ ఇబ్బంది లేదు. ఎందుకు వెళ్తున్నానో మీకు చెప్పాలంటే మొన్న ఆగస్టు 1 సంగతి చెబితే చాలు.

ఉదయం ఆరున్నరకి స్టోర్స్ ఇన్‌చార్జి గారు ఫోన్ చేశారు. గేటు దగ్గర మూడు లారీలు ఆగి ఉన్నాయి. MIGOలో సరుకు ఎక్కించబోతే జులై, జూన్ పీరియడ్లకే పోస్టింగ్ కుదురుతుందని ఎర్రర్ వస్తోంది. రాత్రే నడవాల్సిన MMPV జాబ్, SM37లో చూస్తే క్యాన్సిల్ అయి ఉంది. దాన్ని ఒక ప్రాజెక్టు కన్సల్టెంట్ తన యూజర్ ఐడీతో షెడ్యూల్ చేశారు. ఆయన వెళ్లిపోయాక ఆ ఐడీ లాక్ అయింది. కొత్త పీరియడ్ నేనే తెరిచాను, ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. అప్పటిదాకా ఫోన్ పెట్టేయకుండా లైన్లోనే ఉన్న ఇన్‌చార్జి గారు "ఎక్కిందమ్మా, మొదటి లారీ లోపలికి పంపిస్తున్నా" అన్నారు.

నాలుగేళ్లుగా ఇలాంటివి బయటపడ్డాక సరిచేస్తున్నాను. ఈ పని నాకు ఇష్టమే. కానీ ఆ జాబ్ ఎవరి ఐడీ మీద నడుస్తుందని గో-లైవ్‌కి ముందే అడిగే మనిషిని కావాలని ఉంది. స్టోర్స్‌లో నేర్చుకున్నదంతా డిజైన్ చర్చల్లోనే ఉపయోగపడాలని ఉంది.

ఇంకో నాలుగు జాబ్‌లు అలాగే వ్యక్తిగత ఐడీల మీద ఉన్నాయి. బేసిస్ టీమ్‌తో కూర్చుని ఈ వారంలోనే వాటిని సిస్టమ్ యూజర్‌కి మారుస్తాం. ఆగస్టు నెల ముగింపు పనులు మా జూనియర్ నా పక్కన కూర్చుని చేస్తాడు, సెప్టెంబరువి తనే చూసుకుంటాడు. అక్టోబరు 1 ఉదయం మొదటి లారీ సరుకు ఎక్కేదాకా నేను స్టోర్స్‌లోనే ఉంటాను.

ఒక్క మనవి. సెప్టెంబరు చివర క్వార్టర్ క్లోజింగ్ కూడా ఉంది, ఫైనాన్స్ లెక్కలు అక్టోబరు మొదటి వారం దాకా సాగుతాయి. పార్ట్‌నర్ టీమ్‌ని 30నే మొత్తం పంపేయకుండా ఒక ఫైనాన్స్ కన్సల్టెంట్‌నైనా ఇంకో పది రోజులు ఉంచండి.

యూఏటీలో సపోర్ట్ వాళ్లకేం పనని కొందరు అన్నప్పుడు, నన్ను కూర్చోబెట్టింది మీరు. ఈ కొత్త ఉద్యోగానికి దారి అక్కడే పడింది సర్. మీకు నా కృతజ్ఞతలు.

రాజీనామాను ఆమోదించి, రిలీవింగ్ లెటర్, పీఎఫ్, మిగిలిన సెలవుల విషయం హెచ్‌ఆర్‌కి తెలియజేయగలరు.

ఇట్లు,
సునీత
ఈఆర్‌పీ సపోర్ట్ అనలిస్ట్