బంక్‌లో కొత్తగా చేరినోళ్లకి జేబు కార్డు (మేనేజర్ గారి ట్రైనింగ్ వీడియో నుంచి తీసింది)

వీడియో మొత్తం గంటా నలభై నిమిషాలుంది, మధ్యలో జనరేటర్ మోత, లారీల హారన్లు, టీ బ్రేక్ అన్నీ ఉన్నాయి. అంత చూసే ఓపిక డ్యూటీలో ఎవరికీ ఉండదు కాబట్టి రోజూ చేతికి పనికొచ్చేది మాత్రమే ఇక్కడ పెట్టా. బ్రాకెట్లో ఉన్న టైమ్ వీడియోలో ఆ మాట ఎక్కడుందో చెప్తుంది, డౌటొస్తే అక్కడికెళ్లి చూస్కోండి. కంపెనీ చరిత్ర, టార్గెట్లు, యూనిఫామ్ డబ్బులు ఇందులో లేవు, అవి ఆఫీసులో అడగండి.

బండి వచ్చి ఆగగానే (04:10)

ఇంజిన్ ఆపించండి. బైక్ అయితే దిగమనండి, వెనక కూర్చున్నోళ్లని కూడా. పిల్లల్ని ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని వస్తారు చూడండి, "పాపని కాస్త పక్కన నిలబెట్టండి అన్నా" అని నవ్వుతూ చెప్తే ఎవరూ ఏమీ అనుకోరు. ఫోన్ చేతిలో ఉంటే జేబులో పెట్టుకోమనండి, బీడీ సిగరెట్ అయితే మొహమాటం అస్సలొద్దు, ముందు బండినే బయటికి పంపేయండి.

తర్వాత అడగాల్సింది రెండే: పెట్రోలా డీజిలా, ఎంతకి. విన్నాక గట్టిగా తిరిగి చెప్పాలి: "పెట్రోల్, 200, జీరో చూడండి." మేనేజర్ గారు వీడియోలో ఈ మాట ఎన్నిసార్లు అన్నారో లెక్కపెట్టడం మానేశాను. మన బంక్‌లో వచ్చే గొడవల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి. "ఏటి బావూ, జీరో సూపించకుండా కొట్టేసినావు" అని ఒకడు అరిస్తే వెనక లైన్లో ఉన్నోళ్లందరూ మన మొహమే చూస్తారు, మనం కరెక్ట్‌గా కొట్టినా సరే. ఒడిశా లారీ డ్రైవర్లకి తెలుగు రాకపోతే "జీరో దేఖియే భాయ్" చాలు, వేలితో డిస్‌ప్లే చూపించండి.

జీరో సంగతి (09:35)

గన్ ఎత్తగానే మిషన్ డిస్‌ప్లే మీద ముందు అన్నీ 8లు వెలుగుతాయి, తర్వాత సున్నాకి వస్తుంది. ఆ సున్నా కస్టమర్ చూశాకే ట్రిగ్గర్ నొక్కాలి. 8లు వెలుగుతుండగా నొక్కేయడం కొత్తోళ్లు తొందరలో చేసే పని, ఆగండి, రెండు క్షణాలకి ఏమీ అయిపోదు.

500 అడిగితే పొరపాటున 200 సెట్ చేశారనుకోండి. 200 దగ్గర ఆగాక అక్కడ్నుంచే మిగతాది లాగొద్దు. గన్ తగిలించి, "అన్నా, 200 అయింది, ఇంకో 300 కొడతాను, మళ్లీ జీరో చూడండి" అని చెప్పి కొత్తగా మొదలెట్టాలి. జనానికి అనుమానం వచ్చేదే ఇక్కడ, ఎందుకంటే మధ్యలో ఆపి మళ్లీ కొట్టి మోసం చేసే బంకులున్నాయని వాళ్లు ఎక్కడో విని ఉంటారు. వాళ్ల తప్పేం లేదు.

గన్ మూతి ట్యాంకు అంచుకి ఆనించి ఉంచండి, గాల్లో పట్టుకుని పొయ్యొద్దు, స్టాటిక్ కరెంట్ పుడుతుంది. కారుకి ఆటో కట్ టక్‌మని పడ్డాక ఇంకో పది రూపాయలు రౌండ్ చెయ్యమంటారు, చెయ్యొద్దు, పొర్లుతుంది.

డీజిల్ బళ్లు (17:20)

కొత్త లారీలు, బస్సులకి డీజిల్ ట్యాంకు పక్కనే ఇంకో చిన్న ట్యాంకు ఉంటుంది, దానికి నీలం మూత. అది యూరియా ద్రావణం పోసేది, డ్రైవర్లు యాడ్‌బ్లూ అంటారు. అందులో డీజిల్ పోస్తే బండి రిపేరు ఖర్చు మన జీతాల్లో తీరేది కాదు. మూత డ్రైవర్ చేతే తీయించండి, మీరు తియ్యొద్దు.

పెట్రోల్ బండికి డీజిల్, డీజిల్ బండికి పెట్రోల్ పడిందని మీకు ఎప్పుడు తెలిసినా, సగంలో అయినా సరే, గన్ ఆపేసి "అన్నా స్టార్ట్ చెయ్యొద్దు, తాళం కూడా తిప్పొద్దు" అనండి. బండిని తోసి పక్కన పెట్టించి షిఫ్ట్ ఇన్‌ఛార్జ్‌ని పిలవండి. ట్యాంకులోదే అయితే దింపేసి కడిగితే సరిపోతుంది, స్టార్ట్ చేశాక అయితే ఇంజిన్ దాకా పోతుంది. దాచిపెట్టి పంపేస్తే మాత్రం, పైడిభీమవరం దాటకుండానే బండి ఆగుతుంది, ఆ డ్రైవర్ తిరిగి వచ్చేది మన దగ్గరికే.

పైడిభీమవరం కంపెనీ బస్సులు షిఫ్ట్ మారే టైముకి ఒకేసారి లైన్ కడతాయి. అప్పుడు బైకులని ఇవతలి మిషన్‌కి పంపండి. బస్సు డ్రైవర్ బిల్లు అడక్కపోయినా బిల్లు ఇవ్వాలి, బండి నంబర్ వేసి.

సీసాలు, క్యాన్లు (26:05)

వాటర్ బాటిల్‌లో పెట్రోల్ కొట్టం. బండి ఆగిపోయిందన్నా, ఊళ్లో పెళ్లన్నా, సర్పంచ్ గారి మనిషినన్నా కొట్టం. వీడియోలో మేనేజర్ గారి మాట యథాతథంగా: "సీసా పట్టుకుని ఎవులొచ్చినా నా దగ్గరికి పంపండి, మీరు పేచీ పెట్టుకోవద్దు."

రైతులు ఇంజిన్‌కి, ట్రాక్టర్‌కి డీజిల్ క్యాన్ తెస్తారు, వాళ్లు వేరే. అయినా క్యాన్ ఏది పడితే అది కాదు, ఇన్‌ఛార్జ్ చూసి సరే అంటేనే. క్యాన్‌ని బైక్ మీదో, ట్రాలీలోనో ఉంచి కొట్టొద్దు, దించి నేల మీద పెట్టించాలి. నిండా పొయ్యొద్దు, ఎండకి ఉబ్బుతుంది, పైన కాస్త ఖాళీ వదలండి. ముసలాయన ఒక్కడే వస్తే క్యాన్ ఎత్తి బండి మీద పెట్టడానికి ఒక చెయ్యి వెయ్యండి, ఇది వీడియోలో లేదు, నేను రాస్తున్నా.

"కొలత తక్కువుంది" అంటే (33:50)

ఇది బాగా చదవండి. వాదించొద్దు, "మా బంక్‌లో అలాంటివి జరగవు" అనే డైలాగ్ అసలొద్దు. "చెక్ చేసి చూపిస్తాం బాబూ" అని ఇన్‌ఛార్జ్‌ని పిలవండి. తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న 5 లీటర్ల కొలత పాత్ర ఆఫీసు గదిలో ఉంటుంది. దాన్ని ముందు ఒకసారి తడిపి ఖాళీ చేసి, తర్వాత సరిగ్గా 5 లీటర్లు కొట్టి, చదునైన చోట పెట్టి మెడ దగ్గర గీత చూడాలి. 5 లీటర్లకి 25 మిల్లీలీటర్లు అటూ ఇటూ రావచ్చు, రూల్ అంతే. అంతకంటే తేడా ఉంటే ఆ గన్ వెంటనే బంద్, బోర్డు పెట్టేయాలి. కొలిచిన ఆయిల్ తిరిగి మన ట్యాంకులోకే, దానికి రిజిస్టర్‌లో ఎంట్రీ ఉంటుంది.

వీడియోలో 34వ నిమిషం దగ్గర "కస్టమర్ 500 పైన కొట్టించుకుంటేనే చెక్ చూపించండి" అని వినపడుతుంది. చివర్లో 1:31:10 దగ్గర మేనేజర్ గారే ఆ మాట వెనక్కి తీసుకున్నారు, 50కి కొట్టించుకున్నోడు అడిగినా చూపించాలి. మొదటిది మర్చిపోండి.

కల్తీ అని అనుమానపడితే ఫిల్టర్ పేపర్ అడిగే హక్కు వాళ్లకుంది. పెట్రోల్ గన్ మూతి శుభ్రంగా తుడిచి, పేపర్ మీద ఒక్క చుక్క వెయ్యండి. రెండు నిమిషాల్లో ఆరిపోవాలి, మచ్చ ఉండకూడదు. లేత గులాబీ ఛాయ కనపడితే అది పెట్రోల్ రంగే, భయపడక్కర్లేదు. పేపర్ లేదని చెప్పొద్దు, ఎప్పుడూ ఉంటుంది, కౌంటర్ రెండో డ్రాయర్. డెన్సిటీ అడిగితే బోర్డు చూపించండి, ఇంకా గుచ్చి అడిగితే అది ఇన్‌ఛార్జ్ పని, జార్, థర్మామీటర్ మీరు ముట్టుకోవద్దు.

ఇథనాల్ పెట్రోల్ గురించి, పాత బండి మైలేజీ గురించి అడుగుతూనే ఉంటారు. 20 శాతం ఇథనాల్ కలిసి వస్తుందని చెప్పండి, అంతవరకే. మీ సొంత థియరీలు వద్దు.

డబ్బులు (48:15)

ఫోన్‌పే స్క్రీన్ చూపించి వెళ్లిపోయేవాడు దొంగ అని కాదు, కానీ స్క్రీన్‌షాట్ లెక్క కాదు. సౌండ్ బాక్స్ పలికిందా, మొత్తం అదేనా, రెండూ వినాలి. రద్దీలో పక్క బండి మొత్తం పలికితే మనదే అనుకుంటాం, అందుకే "మీది ఎంతండీ" అని ఒకసారి అడగండి. నెట్ లేక పలకకపోతే క్యాషియర్ అక్కని అడిగి చూస్కోండి, ఆవిడ ఫోన్‌లో వస్తుంది. అప్పుడే కొత్తగా చేరారు కదా, అప్పు మాత్రం మీ చేత్తో ఎవరికీ రాయొద్దు, రోజూ వచ్చే లారీ ఓనర్ అయినా.

గాలికి, మంచినీళ్లకి, బాత్రూమ్‌కి డబ్బులు లేవు. గాలి కొట్టి చెయ్యి చాచినట్టు తెలిస్తే ఆ రోజే ఆఖరు అని మేనేజర్ గారు అన్నారు (55:40), గొంతు కూడా మారింది అక్కడ.

లోడ్ దిగేటప్పుడు (1:02:00)

ట్యాంకర్ వచ్చిందంటే మీ పని రెండే: కోన్లు పెట్టడం, ఆ వైపుకి బళ్లు రాకుండా చూడటం. ఎర్త్ వైర్ క్లిప్, డిప్ రాడ్, పైపులు అన్నీ సీనియర్ల పని. ఫైర్ సిలిండర్ పక్కన పెట్టారో లేదో మీరూ ఒక చూపు వెయ్యండి, మర్చిపోతే చెప్పడానికి భయపడొద్దు. ఏ ట్యాంకులోకి లోడ్ దిగుతోందో ఆ ట్యాంకు అమ్మకం ఆపేస్తారు, కస్టమర్ తిట్టినా ఓపిగ్గా పక్క మిషన్ చూపించండి.

వాన, తుఫాను (1:09:25)

మన జిల్లాకి అక్టోబర్ అంటే తెలుసు కదా, 2018లో తిత్లీ పలాస వైపు తీరం దాటినప్పుడు ఎన్నో ఊళ్లకి రోజుల తరబడి కరెంట్ లేదు. పెద్ద వాన పడ్డాక భూమిలో ట్యాంకు మూతల చుట్టూ నీళ్లు నిలిచాయా అని పొద్దున్నే చూడాలి, నిలిస్తే ముందు ఇన్‌ఛార్జ్‌కి చెప్పి తర్వాతే అమ్మకం. ఇథనాల్ ఉన్న పెట్రోల్ నీళ్లని లాక్కుంటుంది, ఎక్కువైతే విడిపోయి అడుగుకి దిగుతుంది, అది బళ్లలోకి వెళ్తే ఒకే రోజు పదిమంది తిరిగొస్తారు.

కొడుతుండగా కరెంట్ పోతే డిస్‌ప్లే మీద ఆగిన అంకె వెంటనే కస్టమర్‌కి చూపించి కాగితం మీద రాయండి, ఆరిపోయాక ఎవరి మాట వాళ్లదే అవుతుంది.

నిప్పు (1:16:40)

నీళ్లు పొయ్యొద్దు. ముందు ఎమర్జెన్సీ స్విచ్, ఆఫీసు గోడకి ఎర్రగా ఉంటుంది, దాంతో మిషన్లన్నీ ఆగుతాయి. తర్వాత సిలిండర్: పిన్ లాగి, మంట మొదలు మీద గురిపెట్టి, నొక్కి, అటూ ఇటూ ఊపాలి, గాలి మీ వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడాలి. చిన్నదైతే ఇసుక బకెట్ చాలు. బండికి మంటొస్తే గన్ పీకి పరిగెత్తొద్దు, ట్రిగ్గర్ వదిలేసి దూరం జరగండి, పీకితే పెట్రోల్ చిమ్ముతుంది. ఫైర్ 101, అంబులెన్స్ 108.

షిఫ్ట్ మారేటప్పుడు (1:24:30)

మీ గన్ మీటర్ రీడింగ్ మీరే చూసి రాయండి, దిగే వాళ్లు చెప్పిన అంకె రాసుకోవద్దు. తేడా ఉంటే సంతకం పెట్టకముందే అడగాలి, పెట్టాక మీ లెక్కే.

రాయడం అర్థంకాకపోతే 09:35, 33:50, 1:16:40 ఈ మూడూ వీడియోలో చూడండి. సిలిండర్ వాడటం చూపించే చోట కెమెరా కాస్త పక్కకి వెళ్లింది, కాబట్టి అది శనివారం పొద్దున షిఫ్ట్ తర్వాత ఇన్‌ఛార్జ్ మళ్లీ చేసి చూపిస్తారు, ఈ నెల చేరినోళ్లందరూ 2 గంటలకి షెడ్ దగ్గరుండండి.